ఎలుక ఎత్తుకెళ్ళిన వత్తి

కిందటేడు కార్తీకమాసంలో ఒక ఉదయం మా అమ్మ దేవుడి గది తలుపు తీసి, "వత్తి ఏదే?" అంది. రాత్రి పడుకోబోయే ముందు పెట్టిన దీపం. కుంది పెట్టినచోటే ఉంది, నూనె సగానికి ఉంది, వత్తి మాత్రం లేదు. పీట మీదనుంచి గోడవారగా సన్నటి నూనె చార ఒకటి సాగింది. దాన్ని పట్టుకుని వెళ్తే పక్కగదిలో బీరువా కింద పాత వారపత్రికల కట్ట దగ్గర ఆగింది. కట్ట మీద రూపాయి బిళ్ళంత నల్లటి చిల్లు, చుట్టూ గోధుమరంగు అంచు, పక్కన సగం కొరికి వదిలేసిన దూది ముక్క.

ఎలుక పని. నూనె, నెయ్యి పీల్చుకున్న దూది దానికి తిండి కిందే లెక్క. మంట ఒక కొసన ఉంటే అది రెండో కొస నోట కరుచుకుని లాక్కుపోతుంది. దారిలో మంట ఆరితే సరే. ఆరకపోతే ఆ నిప్పు ఎలుక ఎక్కడ దూరితే అక్కడికి పోతుంది: బీరువా కిందికి, సోఫా వెనక్కి, అటక మీది పాత బట్టల మూటలోకి. మా ఇంట్లో కాగితాల కట్ట బిగుతుగా ఉండటంవల్ల లోపలికి గాలి ఆడక నిప్పు చచ్చిపోయింది. అదే చోట పాత పరుపు ఉండి ఉంటే ఈ వ్యాసం వేరేలా మొదలయ్యేది.

అమ్మ ఒప్పుకోలేదు. "నలభై ఏళ్ళుగా పెడుతున్నా, ఎప్పుడూ ఇలా కాలేదు," అంది. ఆమె అన్నది నిజమే. కానీ ఆ నలభై ఏళ్ళలో ఎక్కువ భాగం దీపం ఊళ్ళో పెంకుటింటి గోడగూట్లో వెలిగింది. ఆ గూడు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. మందపాటి మట్టిగోడలో తొలిచిన అర, లోపల సున్నం, కింద రాయి. మూడు వైపులా గోడే. పిల్లల చేతికి అందని ఎత్తు. పక్కన గుడ్డ అన్నది ఉండదు, ఎందుకంటే ఆ ఇళ్ళల్లో కిటికీలకు చెక్క రెక్కలే తప్ప తెరలు ఉండేవి కావు. తులసికోట అయితే నడి వాకిట్లో, ఆకాశం కింద. ఎక్కడ పెట్టాలన్న ఆలోచన ఇల్లు కట్టినవాడే చేసి పెట్టాడు. ఫ్లాట్‌లోకి వచ్చాక అదే కుంది, అదే నూనె, అదే వత్తి. చుట్టూ ఉన్నవి మారాయి: ప్లైవుడ్ మందిరం, దాని మీద సన్‌మైకా, పక్కన బాల్కనీ కర్టెన్, పైన ఫ్యాను. ఇప్పుడు ఆ ఆలోచన మనం చేసుకోవాలి.

దానికి ముందు వత్తి చేసే పని ఏమిటో తెలియాలి. వంటనూనె ఏదైనా దానంతట అది వెలగదు. నూనె ఆవిరై ఆ ఆవిరి అంటుకోవాలంటే అది 200 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాలి. కుందిలో నూనె అంత వేడి ఎక్కదు. వత్తి ఒక్కొక్క చుక్కా పైకి పీల్చి, మంట దగ్గర దాన్ని మాత్రమే ఆవిరి చేస్తుంది. కొవ్వొత్తిలో మైనమూ ఇంతే. అందుకే కుంది గచ్చు మీద ఒరిగిపోతే చాలాసార్లు దీపం ఆరిపోతుంది, నూనె మరక మాత్రం మిగులుతుంది. కానీ అదే నూనె పీట మీద పరిచిన గుడ్డ మీద ఒలికిందనుకోండి, ఆ గుడ్డ మొత్తం వత్తే. కర్టెన్ అంచు నూనెలో తడిసినా, చున్నీ కొస తడిసినా, మందిరం మూలలో ఉంచుకున్న వత్తుల కట్ట తడిసినా అంతే. దీపం చుట్టూ ఏయే వస్తువులు ఉండకూడదు అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. నూనె పీల్చుకునేది ఏదీ ఉండకూడదు. కుంది కింద గుడ్డ తీసేసి, అంచు లేచిన వెడల్పాటి స్టీలు పళ్ళెమో, ఇత్తడి పళ్ళెమో పెడితే ఒలికిన నూనె అందులోనే ఆగుతుంది. ఆ పళ్ళేన్ని ఎండిన పూలదండలతో నింపారా, మళ్ళీ మొదటికే వస్తాం.

కర్టెన్ సంగతి నాకు మా పిన్ని ఇంట్లో బాగా అర్థమైంది. హైదరాబాద్‌లో ఎనిమిదో అంతస్తు ఫ్లాట్. హాల్లో తూర్పు ముఖంగా మందిరం, దాని ఎడమవైపు బాల్కనీ తలుపు. తలుపుకు నేలదాకా దిగే ఏడడుగుల పాలిస్టర్ కర్టెన్. దీపానికీ కర్టెన్‌కీ మధ్య రెండడుగుల దూరం ఉంది. "ఇంకెంత కావాలే?" అంది పిన్ని. మంటకీ, అంటుకునే వస్తువుకీ మధ్య కనీసం ఒక అడుగు ఉండాలని అగ్నిమాపక నిపుణులు చెప్పే మాట. ఆ లెక్కన పిన్ని రెట్టింపు జాగ్రత్త తీసుకున్నట్టే.

"పిన్నీ, దీపం కొండెక్కాక ఈ కర్టెన్ ఒకసారి లాగి చూడనా?"

"లాగవే, దానికేం?"

దీపం ఎత్తులో కర్టెన్ పట్టుకుని మందిరం వైపు లాగాను. గుడ్డ వెళ్ళి కుందికి తగిలింది. బడిలో చదివిన లెక్కే ఇది. కర్టెన్ కడ్డీ నుంచి దీపం నాలుగడుగుల కిందుంది. గాలికి కర్టెన్ 30 డిగ్రీలు పక్కకి లేస్తే నాలుగడుగుల కింద ఉన్న గుడ్డ రెండడుగులు జరుగుతుంది. నేల దగ్గరి కొస మూడున్నర అడుగులు జరుగుతుంది. ఎనిమిదో అంతస్తులో, వాన ముందు వచ్చే ఈదురుగాలికి తలుపు జానెడు తెరిచి ఉంటే చాలు, కర్టెన్ తెరచాపలా ఉబ్బుతుంది. అంటే దూరాన్ని కర్టెన్ నిలకడగా వేలాడే చోటునుంచి కొలవకూడదు, అది ఎగిరి చేరగలిగిన చివరి చోటునుంచి కొలవాలి. చేతిలో టేపు లేకపోయినా మూర ఉంటుంది కదా. కర్టెన్ లాగితే ఎంతవరకు వస్తుందో చూసి, అక్కడినుంచి ఒక మూర, అంటే సుమారు అడుగున్నర, వదిలి దీపం పెట్టుకోవాలి. నిపుణులు చెప్పే అడుగు కంటే ఇది కొంచెం ఎక్కువే, ఉండనివ్వండి.

పాలిస్టర్ నూలులా భగ్గుమనదు కాబట్టి పర్వాలేదని కొందరు అంటారు. అది ముందు కరుగుతుంది, సుమారు 260 డిగ్రీల దగ్గర. కొవ్వొత్తి మంటలో అతి వేడి భాగం 1000 డిగ్రీలు దాటుతుంది. కరిగిన పాలిస్టర్ మండుతూ చుక్కలుగా కిందికి కారుతుంది. కింద సోఫా ఉంటే సోఫా మీద, మనిషి ఉంటే మనిషి మీద పడుతుంది, ఒంటికి అతుక్కుంటుంది. నూలుకీ దానికీ తేడా కాలే తీరులోనే, కాలడంలో కాదు.

పక్కన దూరం గురించి ఇంత చెప్పాను గానీ, నిజానికి మంటకు పైన ఉన్నదే ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది. వేడి పైకే పోతుంది. మంటకు పక్కన జానెడు దూరంలో చెయ్యి హాయిగా ఉంచగలం, అదే జానెడు పైన క్షణం ఉంచలేం. చాలా ఫ్లాట్లలో దేవుడి అర వంటింటి కబోర్డుల మధ్యలోనో, షోకేసులోనో ఉంటుంది. కుంది నుంచి పై చెక్కకి అడుగు కూడా ఉండదు. రోజూ గంట చొప్పున ఆ చెక్క కింద దీపం వెలిగితే ఏమవుతుందో కనిపెట్టడం సులువు. తడిగుడ్డతో పై చెక్కను తుడవండి. నలుపు గుడ్డకి అంటుకుని పోతే అది మసి, భయం లేదు. తుడిచినా పోని గోధుమరంగు మచ్చ ఉన్నా, సన్‌మైకా ఉబ్బి బుడగలా లేచినా, చెక్క వేడికి మాడుతోందని అర్థం. ఇంకో పరీక్ష కూడా ఉంది. దీపం పది నిమిషాలు వెలిగాక పై చెక్కకు అరచెయ్యి ఆనించి చూడండి. ఆనించి ఉంచలేకపోతే అక్కడ దీపం పెట్టకూడదు. కుందిని ముందుకు జరిపి, పైన చెక్క లేని చోట, అంటే అర బయట ఒక స్టూలు మీద పళ్ళెంలో పెట్టుకోవడం నయం. దేవుడికి కనపడితే చాలు, ఆయన తల మీద వేడి పెట్టనక్కర్లేదు.

వంటింట్లో దేవుణ్ణి పెట్టుకున్నవాళ్ళకు ఇంకో మాట. వంటగ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేలబారున పరుచుకుంటుంది. పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళగానే అగ్గిపుల్ల గీసే అలవాటుంటే, గీసే ముందు ఒకసారి వాసన చూడండి. గ్యాసు వాసన వస్తే దీపం వద్దు, లైటు స్విచ్చి కూడా వద్దు. కిటికీలు తీసి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి.

పిల్లల విషయంలో పెద్దలు ఎత్తు దగ్గర పొరబడతారు. రెండేళ్ళ పిల్ల మూడడుగులు కూడా ఉండదు గానీ, మునివేళ్ళ మీద నిలబడి చెయ్యెత్తితే మూడున్నర అడుగుల ఎత్తు అందుకుంటుంది. మనింట్లో టేబుల్, టీవీ బల్ల, మందిరం కింది అర అన్నీ ఆ లోపే. పైగా పసిపిల్ల దీపాన్ని పట్టుకోదు, కింద వేలాడే గుడ్డను పట్టుకుంటుంది. లాగితే కుంది, నూనె, మంట అన్నీ కలిసి నెత్తిన పడతాయి. పీట గుడ్డ తీసేయమని పైన చెప్పడానికి ఇది రెండో కారణం.

కర్పూరం గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. అది రెండు రకాలుగా ప్రమాదం. మొదటిది నిప్పు. నూనెకు 200 డిగ్రీలు దాటాల్సినచోట కర్పూరానికి 66 డిగ్రీలు చాలు, అందుకే వత్తి లేకుండా పుల్ల చూపించగానే అంటుకుంటుంది. కర్పూరం డబ్బా, అగ్గిపెట్టె, వత్తుల కట్ట, నూనె సీసా నాలుగూ దీపం పక్కనే ఒకే అరలో సర్దుకునే అలవాటు మన ఇళ్ళల్లో ఎక్కువ. పొయ్యి పక్కన కట్టెలు పేర్చినట్టు. రెండోది విషం. తెల్లగా, పిప్పరమెంటు బిళ్ళలా ఉంటుంది కాబట్టి పసివాళ్ళు నోట్లో వేసుకుంటారు. హారతి కర్పూరం ఒక గ్రాము కడుపులోకి పోయినా పసిబిడ్డ ప్రాణం మీదికి రావచ్చు. కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ మొదలవ్వచ్చు. పాయసంలో చిటికెడు వేసే పచ్చకర్పూరంతో దీన్ని కలపకండి. పిల్ల మింగిందని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, డబ్బా చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. దీపం నూనె అని అమ్మే సీసాలూ అంతే. వాటిలో కొన్ని వంటనూనెలు కావు, ఖనిజ తైలాలు కలిసినవి. పిల్లలు తాగితే, వాంతి చేయించినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి దిగి అసలు కంటే పెద్ద నష్టం చేస్తుంది.

దీపావళికీ, కార్తీక పౌర్ణమికీ ప్రమిదలు వరసగా పెట్టినప్పుడు ప్రమాదం దీపాలకంటే మనం వెలిగించే పద్ధతిలో ఉంటుంది. ముందు వరస వెలిగించి, దాని మీదుగా వంగి వెనక వరస వెలిగిస్తాం. పైట, చున్నీ, పిల్లల నైలాన్ గౌను కుచ్చులు వెలుగుతున్న వరస మీద వేలాడతాయి. వెనక దీపం ముందు, ముందు దీపం చివర. ఇంతే. పైట కొస నడుములో దోపుకుని, పిల్లలకు ఆ గంటసేపు నూలు బట్టలు వేస్తే చాలు. ఇక మూడువందల అరవై ఐదు వత్తులు. అన్నీ కలిసి ఒకే మంటగా మూరెడు లేస్తాయి, అంత వేడికి ప్రమిద పగిలినా పగలవచ్చు. గుళ్ళో, వాకిట్లో వెలిగించేది కర్టెన్ ఉన్న బాల్కనీలో వెలిగించడం నాకు సుతరామూ నచ్చదు. తప్పనిసరైతే లోతైన ఇనప మూకుట్లో ఇసుక పోసి, దాని మీద వెలిగించి, పక్కన మూకుడికి సరిపడే మూత ఉంచుకోండి.

ఇంట్లో పిల్లి ఉంటే ఎత్తు అన్న మాటకు అర్థం లేదు. పిల్లలకు అందని చోటే దానికి ఇష్టమైన చోటు. మీసాలు కాలితే వెనక్కి తగ్గుతుందేమో గానీ తోక ఎక్కడ ఊగుతోందో దానికి తెలియదు, తోక బొచ్చు అంటుకున్నాక అది పరిగెత్తేది మంచం కిందికే. కుక్క తోక సరిగ్గా టీపాయ్ ఎత్తులో ఊగుతుంది. కాబట్టి పిల్లి, కుక్క ఉన్న ఇంట్లో దీపం వెలుగుతున్నంతసేపూ ఆ గది తలుపు వేయాలి, లేదా మనిషి కూర్చోవాలి. గాజు చిమ్నీ ఉన్న బరువైన కుంది కొంత మేలు. ఎలుకకూ, గాలికీ కూడా అదే మందు. లవ్ బర్డ్స్ లాంటి పక్షులు ఉంటే భయం మంట గురించి కాదు, పొగ గురించి. వాటి ఊపిరితిత్తులు మనకంటే చాలా సున్నితం. అగరుబత్తి ఉన్న గదిలో పంజరం ఉండకూడదు. ఉబ్బసం ఉన్న పిల్లలకూ, ఉయ్యాల్లో పసిబిడ్డకూ కూడా ఇదే మాట.

అగరుబత్తికి మంట ఉండదు కాబట్టి దాన్ని ఎవరూ నిప్పు అనుకోరు. పటం వెనక సందులో, కిటికీ దోమల జాలీలో, తలుపు బందు దగ్గర ఎక్కడ దొరికితే అక్కడ గుచ్చేస్తారు. అరటిపండులో గుచ్చే మన పాత పద్ధతి నిజానికి వీటన్నిటికంటే మంచిదే, పండు తడిగా ఉంటుంది, పుల్ల కదలదు. లోపమంతా బూడిద ఎక్కడ రాలుతుందన్న దాంట్లో ఉంది. పుల్ల నిటారుగా ఉంటే బూడిద మొదట్లోనే పడుతుంది. వాలి ఉంటే పుల్ల పొడవునా, చివరి కొస దాకా పడుతుంది, అప్పుడప్పుడు ఆ బూడిదలో కణిక ఎర్రగానే ఉంటుంది. అందుకని పుల్ల ఎంత పొడుగో పళ్ళెం అంత వెడల్పు ఉండాలి. స్టీలు గ్లాసులో ఇసుక పోసి నిటారుగా గుచ్చితే ఇంకా మంచిది. ఎర్రటి కణిక దూది మీద పడితే ఆ దూది మంట లేకుండా గంటల తరబడి లోలోపల రాజుకుంటుంది. సాయంత్రం పడిన కణిక అర్ధరాత్రి మంటగా బయటపడవచ్చు. సగం కాలిన పుల్లను చెత్తబుట్టలో వేసేముందు నీళ్ళలో ముంచండి. మంచం కింద పెట్టే దోమల చుట్టకీ ఇదే వర్తిస్తుంది.

కొవ్వొత్తి మనకు ఎక్కువగా కరెంటు పోయినప్పుడు గుర్తొస్తుంది. చీకట్లో తడుముకుని, దాని మైనం చుక్కలతోనే టీవీ మీదో, ప్లాస్టిక్ డబ్బా మూత మీదో అతికిస్తాం. కిందికంటా కాలాక ఆ ప్లాస్టిక్కే అంటుకుంటుంది. స్టీలు గ్లాసులో సగం ఇసుక పోసి గుచ్చి, అడుగున రెండంగుళాలు మిగిలి ఉండగానే ఆర్పేయాలి. గాజు సీసాల్లో వచ్చే సువాసన కొవ్వొత్తుల్ని అడుగున అరంగుళం మైనం ఉండగా ఆపేయాలి, లేకపోతే వేడికి గాజు పగులుతుంది.

ఆర్పడం దగ్గరే మన ఇళ్ళల్లో అసలు చిక్కు. దీపం ఊదకూడదు, ఆరింది అనకూడదు, కొండెక్కింది అనాలి. ఆ మాట నాకు ఇష్టమే. కానీ దానివల్ల నూనె అయిపోయేదాకా దీపాన్ని వదిలేసి పడుకోవడమో, గుడికి వెళ్ళిపోవడమో అలవాటైంది. దీనికి అమ్మ తానే దారి కనిపెట్టింది. ఒక ఆదివారం కుందిలో సరిగ్గా ఒక చెంచా నూనె పోసి వెలిగించి, గడియారం చూస్తూ కూర్చుంది. ఆ కుందిలో, ఆ లావు వత్తితో చెంచా నూనె ఎంతసేపు వస్తుందో ఆమెకు ఇప్పుడు తెలుసు. తాను మెలకువగా ఉండే సమయానికి సరిపడా పోస్తుంది. ఇంకా మిగిలితే పువ్వు కాడతో వత్తిని వెనక్కి నూనెలోకి జరుపుతుంది. ఊదినట్టూ కాదు, వదిలేసినట్టూ కాదు. మీ కుందీ, మీ వత్తీ వేరు కాబట్టి ఆ లెక్క మీరే చూసుకోవాలి.

ఇంత చేసినా నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి. నీళ్ళు నూనె అడుగుకి దిగి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను గది నిండా చిమ్ముతాయి. స్టీలు మూత బోర్లించండి, గాలి ఆగితే మంట ఆగుతుంది. కర్టెన్ దాకా పాకితే దాంతో పోట్లాడకుండా అందరినీ బయటికి తెచ్చి, తలుపు మూసి, 101కో 112కో ఫోన్ చేయండి. ఒళ్ళు కాలితే పంపు కింద ఇరవై నిమిషాలు, గడియారం చూసి, మామూలు చన్నీళ్ళు పారనివ్వండి. ఐసు, పేస్టు, సిరా, పసుపు ఏదీ వద్దు. కాలిన చోటు అరచేతి కంటే పెద్దదైనా, ముఖమైనా, పసిపిల్లైనా 108 పిలవండి.

పిన్ని ఇంట్లో మందిరం కదల్లేదు. తూర్పు ముఖం మార్చేది లేదని ఖచ్చితంగా చెప్పేసింది. కర్టెన్ మారింది. మందిరం వైపున్న రెక్క తీసేసి, మిగిలిన రెక్కను అవతలి మూలకు తాడుతో కట్టించింది. తీసిన రెక్క దర్జీ చేతిలో రెండు దిండు గలీబులైంది. మా ఇంట్లో బీరువా కింద పత్రికల కట్ట ఇప్పుడు లేదు, ఎలుక మాత్రం ఇంకా దొరకలేదు.